బొమ్మ 4: ట్రైనింగ్ గీత దిగుతూనే ఉంది, వాలిడేషన్ గీత ఎందుకు లేచింది?

స్లైడ్ మీద బొమ్మ 4లో రెండు గ్రాఫులు పక్కపక్కన ఉన్నాయి. ఎడమవైపుది లాస్, కుడివైపుది ఎర్రర్ శాతం. రెండింట్లోనూ నీలం గీత ట్రైనింగ్‌ది, నారింజ గీత వాలిడేషన్‌ది. అడ్డంగా ఉన్నవి ఎపాక్‌లు, 1 నుంచి 50 దాకా. గీతల జోలికి పోయేముందు అక్షాల మీద ఏం రాసి ఉందో చదవండి. ఈ బొమ్మ వెయ్యగానే క్లాసంతా "ఓవర్‌ఫిట్ అయింది సార్" అంటుంది. అయిన మాట నిజమే. ఎక్కడ మొదలైంది, దేన్నిబట్టి చెప్తున్నారు అని అడిగితే మాత్రం వేళ్లు తలో చోటికీ వెళ్తాయి.

ముందు ఈ గీతలు దేన్నుంచి వచ్చాయో చూద్దాం. డేటా సైఫార్-10. టొరంటోలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, వినోద్ నాయర్, జెఫ్రీ హింటన్ కలిసి పోగుచేసిన 60,000 చిన్న కలర్ ఫోటోలు. ఒక్కోటి 32×32 పిక్సెళ్లు, అంతే. తరగతులు పది: విమానం, కారు, పక్షి, పిల్లి, జింక, కుక్క, కప్ప, గుర్రం, ఓడ, ట్రక్కు. ఇందులో 10,000 టెస్ట్‌కని ముందే వేరుచేసి ఇస్తారు, వాటిని మనం ముట్టుకోలేదు. మిగిలిన 50,000లో 45,000 ట్రైనింగ్‌కి తీసుకున్నాం, 5,000 వాలిడేషన్‌కి పక్కన పెట్టాం.

నెట్‌వర్క్ చిన్నదే. 32 ఫిల్టర్ల కన్వల్యూషన్ ఒకటి, 64 ఫిల్టర్లది ఇంకొకటి, ఒక్కోదాని తర్వాత పూలింగ్, ఆపైన 256 యూనిట్ల డెన్స్ లేయర్, చివర పది అవుట్‌పుట్లు. చిన్నదని అన్నాను గానీ పారామీటర్లు లెక్కేస్తే 10,70,794 వస్తాయి. అందులో 10,48,832 ఆ ఒక్క డెన్స్ లేయర్‌లోనే ఉన్నాయి. నేర్చుకోవడానికి ఉన్నవి 45,000 ఫోటోలు, తిప్పుకోవడానికి ఉన్నవి పది లక్షల పైచిలుకు మరలు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని గ్రాఫ్‌కి రండి.

ఎడమ గ్రాఫ్ మొదటి చుక్కలు చూడండి. నీలం 1.45 దగ్గరుంది, నారింజ 1.15 దగ్గరుంది. అంటే చూడని ఫోటోల మీదే మోడల్ బాగా చేస్తోందా? కాదు. ట్రైనింగ్ లాస్ అని కెరాస్ చూపించేది ఆ ఎపాక్ నడుస్తున్నంతసేపూ వచ్చిన లాస్‌ల సగటు. బ్యాచ్‌కి 64 ఫోటోల లెక్కన ఎపాక్‌కి 704 అప్‌డేట్లు జరుగుతాయి. మొదటి బ్యాచ్‌లో మోడల్‌కి ఏమీ తెలియదు, పది తరగతులకీ దాదాపు సమానంగా పంచుతుంది కాబట్టి లాస్ ln 10, అంటే 2.30 చుట్టుపక్కల ఉంటుంది. ఆ 2.30లు కూడా సగటులో కలిసిపోయాయి. వాలిడేషన్ లాస్ మాత్రం ఎపాక్ అయ్యాక, 704 అప్‌డేట్లూ పూర్తయిన మోడల్‌తో కొలిచింది. అందుకే కింద ఉంది. డ్రాపవుట్ పెట్టిన మోడళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువసేపు కనిపిస్తుంది, ఎందుకంటే డ్రాపవుట్ ట్రైనింగ్‌లో పనిచేస్తుంది, వాలిడేషన్‌లో పనిచెయ్యదు. దీన్ని చూసి కోడ్‌లో తప్పుందని కంగారుపడకండి.

మూడో ఎపాక్ దగ్గర గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. అక్కణ్ణుంచి నీలం కింద, నారింజ పైన. చాలామంది వేలు పెట్టే చోటు ఇదే: "ఇక్కడ గ్యాప్ వచ్చింది, ఇక్కడే ఓవర్‌ఫిట్." ఒప్పుకోను. మోడల్ తాను చూసిన ఫోటోల మీద చూడనివాటికంటే కొంచెం బాగా చెయ్యడం మామూలే, ఆ మాత్రం గ్యాప్ ప్రతి పనికొచ్చే మోడల్‌కీ ఉంటుంది. మూడు నుంచి ఎనిమిది దాకా గ్యాప్ పెరుగుతూనే ఉంది, అయినా నారింజ గీత కూడా దిగుతోంది. అంటే చూడని ఫోటోల మీదా మోడల్ మెరుగుపడుతోంది. ఆపడానికి కారణం లేదు.

ఎనిమిదో ఎపాక్ దగ్గర నారింజ 0.86కి దిగింది. అప్పటికి నీలం 0.58. ఆ తర్వాత నారింజ మళ్లీ అంత కిందికి రాలేదు. మీరు వేలు పెట్టాల్సింది ఇక్కడ. యాభయ్యో ఎపాక్ వచ్చేసరికి నీలం 0.03, నారింజ 2.6. ఏమీ తెలియకుండా సమానంగా పంచితే వచ్చే 2.30 కంటే ఇది ఎక్కువ! అంటే మన మోడల్ ఏమీ తెలియనిదానికంటే అధ్వాన్నమైపోయిందా?

ఇప్పుడు కుడి గ్రాఫ్‌కి రండి. ఎనిమిదో ఎపాక్‌లో వాలిడేషన్ ఎర్రర్ 29 శాతం. యాభయ్యో ఎపాక్‌లో 30 శాతం. గుడ్డిగా ఊహిస్తే 90 శాతం ఉండాలి. ఒకే మోడల్, అవే 5,000 ఫోటోలు. ఎడమవైపు గీత మూడింతలు లేచింది, కుడివైపు గీత దాదాపు పడుకుని ఉంది. ఈ బొమ్మలో అసలు చదవాల్సింది ఈ తేడానే, అందుకే రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టాను.

ఒక్క ఫోటో తీసుకుని చూద్దాం. వాలిడేషన్‌లో ఒక పిల్లి ఉంది, సోఫా మీద పక్కకి తిరిగి పడుకుంది, చెవులు సరిగా కనపడవు. ఎనిమిదో ఎపాక్‌లో మోడల్ దానికి కుక్క 0.5, పిల్లి 0.3 అంది. తప్పే. మన లాస్ క్రాస్ ఎంట్రపీ, అది అసలు తరగతికి ఇచ్చిన సంభావ్యతనే చూస్తుంది, కాబట్టి ఈ పిల్లి లాస్ −ln 0.3, అంటే 1.20. యాభయ్యో ఎపాక్‌లో అదే ఫోటోకి కుక్క 0.998, పిల్లి 0.001 అంది. ఇదీ తప్పే. కానీ లాస్ 6.91. ఎర్రర్ లెక్కలో అప్పుడూ ఒక తప్పు, ఇప్పుడూ ఒక తప్పు. లాస్ లెక్కలో ఆరింతలకు దగ్గర. ఇలాంటివి 1,500 ఉన్నాయి, వాటి బరువే నారింజ గీతను పైకి లాగింది.

మోడల్‌కి ఇంత ధీమా ఎందుకొచ్చింది? గ్రేడియంట్‌కి కనిపించేది ట్రైనింగ్ లాస్ ఒక్కటే. మొదటి ఎపాక్‌లలో ఆ లాస్ తగ్గించడానికి సులువైన దారి అందరికీ పనికొచ్చే లక్షణాలు పట్టుకోవడం: నీలం నేపథ్యం ఉంటే విమానమో ఓడో, నాలుగు కాళ్లూ పచ్చగడ్డీ ఉంటే జింకో గుర్రమో. ఇవి వాలిడేషన్ ఫోటోల్లోనూ ఉంటాయి కాబట్టి రెండు గీతలూ కలిసి దిగాయి. అవి అయిపోయాక మిగిలినవి మొండి ఫోటోలు. సగం కత్తిరించిన ట్రక్కు, ఆకుల్లో కలిసిపోయిన కప్ప. వీటి లాస్ తగ్గించాలంటే ఆ ఫోటోకే ప్రత్యేకమైన గుర్తు ఏదో పట్టుకోవాలి, మూలనున్న నాలుగు పిక్సెళ్ల రంగు లాంటిది. పది లక్షల పారామీటర్లు ఉన్నాయిగా, చోటుకి కొదవ లేదు. ఆ గుర్తు వాలిడేషన్ ఫోటోల్లో ఎక్కడైనా కనిపిస్తే అక్కడ తప్పుదోవ పట్టిస్తుంది. దీనికి తోడు, క్రాస్ ఎంట్రపీ ఎప్పటికీ కచ్చితంగా సున్నా కాదు. ట్రైనింగ్ ఫోటోకి 0.99 ఇచ్చినా ఇంకా 0.999 వైపు తోస్తూనే ఉంటుంది. వెయిట్లు పెరుగుతాయి, అంకెలు పెద్దవవుతాయి, చెప్పిన ప్రతి మాటా గట్టిగా చెప్పడం అలవాటవుతుంది. ఒప్పైనా సరే, తప్పైనా సరే.

బిట్ పేపర్ బట్టీ పట్టిన విద్యార్థి పోలిక మీరు ఎక్కడో వినే ఉంటారు. సగమే సరిపోతుంది. మన మోడల్ అర్థం చేసుకోవడం మానేసి బట్టీకి దిగలేదు. నేర్చుకున్నది పోలేదు, అందుకే ఎర్రర్ 30 దగ్గరే నిలబడింది. దాని మీద బట్టీ పేరుకుంది.

నెట్‌వర్క్‌కి బట్టీ పట్టే శక్తి ఎంత ఉందో చియువాన్ ఝాంగ్, సహ పరిశోధకులు 2017లో ఐసీఎల్ఆర్ సదస్సులో చూపించారు. ఇదే సైఫార్-10లో లేబుళ్లన్నీ ఇష్టమొచ్చినట్టు కలిపేశారు. పిల్లికి ఓడ అని, కప్పకి విమానం అని. నేర్చుకోవడానికి అందులో ఏమీ లేదు. అయినా నెట్‌వర్క్‌లు ట్రైనింగ్ ఎర్రర్‌ని సున్నాకి దించేశాయి. ఆ గ్రాఫ్‌లో నీలం గీత ఒక్కటే గీసి మీకు చూపిస్తే "అబ్బ, భలే మోడల్" అంటారు. నీలం గీతను ఒంటరిగా చూసి ఏ నిర్ణయానికీ రావద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక ఎక్కడ ఆపాలి? లాస్ గీత ప్రకారం ఎనిమిదో ఎపాక్. ఎర్రర్ గీతను పట్టుకుని "పదకొండులో 28.7 ఉంది సార్, ఎనిమిదికంటే 0.3 తక్కువ" అంటే, ముందు లెక్క వెయ్యండి. 5,000 ఫోటోల్లో 29 శాతం అంటే 1,450. వేరే 5,000 ఫోటోలు తీసుకుని ఉంటే ఈ సంఖ్య 32 అటో ఇటో మామూలుగానే ఊగుతుంది, అంటే 0.6 శాతం. మీరు చూపించే 0.3 ఆ ఊపులో సగమే. గీతలో ప్రతి వంకరకీ అర్థం వెతక్కండి. మనకు జవాబులు 0.3, 0.7 అని సంభావ్యతలుగా కావాలంటే, ఉదాహరణకి నమ్మకం తక్కువున్న ఫోటోలను మనిషికి పంపాలంటే, లాస్ చూడటమే మేలు. ఏ తరగతో చెప్తే చాలంటే కుడి గ్రాఫ్ చూసినా పర్వాలేదు.

ఆపే పని కోడ్‌కి అప్పగించవచ్చు:

```python
EarlyStopping(monitor="val_loss", patience=5,
              restore_best_weights=True)
```

ఎనిమిదో ఎపాక్ తర్వాత ఐదు ఎపాక్‌లు చూసి, మెరుగుపడకపోతే పదమూడులో ఆగుతుంది. మూడో ఆర్గ్యుమెంట్ మర్చిపోకండి. అది రాయకపోతే డిఫాల్ట్ `False`, మీ చేతికి వచ్చేది ఎనిమిదో ఎపాక్ మోడల్ కాదు, పదమూడోది.

ఆపడం ఒక్కటే మార్గం కాదు. ఫోటోలను కుడి ఎడమలు తిప్పి, కాస్త జరిపి ఇస్తే నారింజ గీత ఇంకా కిందికి దిగి, ఆలస్యంగా లేస్తుంది. అప్పుడు నీలం గీత ఇంతకుముందుకంటే పైన ఉంటుంది. "ట్రైనింగ్ ఎర్రర్ పెరిగింది" అని టెన్షన్ పడి ఆ మార్పు తీసేసేవాళ్లుంటారు. మనం బాగుచెయ్యాలనుకున్నది నారింజను. రెండు గీతలూ పైనే ఆగిపోయి దిగనంటే మాత్రం అది వేరే జబ్బు, అండర్‌ఫిట్టింగ్, దానికి ఈ మందులు వేస్తే ఇంకా ముదురుతుంది.

పుస్తకాల్లో ఇలాంటిదే ఇంకో U ఆకారపు గ్రాఫ్ కనిపిస్తుంది. అందులో అడ్డంగా ఉండేది మోడల్ సైజు, ఎపాక్‌లు కావు. ఒకదాని కథ ఇంకోదానికి అంటించొద్దు. మోడల్‌ని పెంచుకుంటూ పోతే ఒక దశ దాటాక ఎర్రర్ మళ్లీ దిగుతుందని 2019లో మిఖాయిల్ బెల్కిన్ బృందం చూపించింది. దాని సంగతి తర్వాతి లెక్చర్‌లో.

శుక్రవారం ల్యాబ్‌కి ఇదే నెట్‌వర్క్‌ని మూడుసార్లు నడిపి తీసుకురండి: 45,000 ఫోటోలతో ఒకటి, వాటిలోంచి తీసిన 5,000 ఫోటోలతో ఒకటి, లేబుళ్లు కలిపేసి ఒకటి. మూడింటికీ వాలిడేషన్ సెట్ అదే ఉండాలి, దాని లేబుళ్లు కలపొద్దు. నారింజ గీత ఏ ఎపాక్‌లో లేచిందో గ్రాఫ్ మీదే గుర్తు పెట్టండి. 10,000 టెస్ట్ ఫోటోలు ఈ వారం ఎవరూ తెరవొద్దు. ఎపాక్‌ని వాలిడేషన్ చూసి ఎంచుకున్నాం కాబట్టి దాని 29 శాతం మనకు కొంచెం అనుకూలంగానే వచ్చి ఉంటుంది, అసలు అంకె చెప్పాల్సింది ఆ 10,000 ఫోటోలే, అదీ ఒక్కసారే. నిలువు అక్షం లాసో ఎర్రరో రాయని గ్రాఫ్‌కి మార్కులు లేవు.