జూన్ నెల పొదుపు, అప్పు కంతుల లెక్క

అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. సరోజక్క పంపిన మన పొదుపు లెక్కల పుస్తకం ఫోటోలు చూసి ఈ లెక్క రాశాను.

మనం 12 మందిమి, తలా 1,000. 11 మంది కట్టారు, 11,000 వచ్చింది. రేణుక వరుస ఖాళీగా ఉంది. ఫోన్‌పేలో పంపి ఉంటే రసీదు పెట్టమ్మా, రాసుకుంటాం. ఇబ్బంది ఉంటే నాకు విడిగా ఫోన్ చెయ్, టెన్షన్ పడొద్దు.

అప్పుల్లో, నూటికి నెలకు రూపాయి వడ్డీతో:
సరోజక్క: అసలు 2,000, వడ్డీ 120. బాకీ 10,000.
మంజుల: అసలు 3,000, వడ్డీ 240. బాకీ 21,000.
పద్మక్క: అసలు 1,400, వడ్డీ 100. బాకీ 8,600.

పద్మక్క కట్టింది ఫోటోలో 1,500 లాగానూ, 7,500 లాగానూ కనిపించింది. పేజీ కింద మొత్తం 17,860 అని ఉంది, 1,500 అయితేనే అది సరిపోతుంది. అయినా అక్కా, మీ పాస్‌బుక్ ఒకసారి చూసి చెప్పండి. మీ నోటి మాట వచ్చాకే ఖాయం చేస్తాను.

ఈసారి నుంచి పేజీ అంచులు తెగకుండా, పగటి వెలుతురులో ఫోటో తీయండి. ఆదివారం సాయంత్రం 5 గంటలకు మారతహళ్లిలో మంజుల ఇంట్లో మీటింగ్. అందరూ పాస్‌బుక్‌లు తీసుకురండి.