దేవుడు ఒక్కడే అన్నంత మాత్రాన అసహనం తప్పదా?

దేవుడు ఒక్కడే అని నమ్మేవాడికి పక్కవాడి దేవుడు అబద్ధం కాక తప్పదు, అబద్ధం అనుకున్నాక దాన్ని చెరిపేయాలని అనిపించకా మానదు. ఏకేశ్వరవాదం మీద వచ్చే ఆరోపణ సారం ఇంతే. ఈ మాట కొత్తదేమీ కాదు. 1757లోనే స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దీన్ని గట్టిగా వాదించాడు. చాలామంది దేవతలను కొలిచేవాళ్లకు ఇంకో దేవతను చేర్చుకోవడం కష్టం కాదు, ఒక్క దేవుణ్ణి నమ్మేవాళ్లకు మాత్రం ఇతరుల పూజ దైవద్రోహంగా కనిపిస్తుంది అన్నది ఆయన వాదన. తర్వాతి శతాబ్దంలో జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ ఇదే మాటను మరింత కటువుగా చెప్పాడు. మన కాలంలో ఈజిప్టు చరిత్ర పండితుడు యాన్ అస్మన్ దీనికి కొత్త రూపం ఇచ్చాడు. ప్రాచీన ప్రపంచంలో ఒకరి సూర్యదేవుణ్ణి ఇంకొకరు తమ సూర్యదేవుడిగా గుర్తుపట్టి సర్దుకుపోయేవారు. మోషే పేరుతో ముడిపడిన మతం వచ్చాకే దేవుళ్లలో 'నిజం', 'అబద్ధం' అనే గీత పడింది అన్నాడాయన. ఆ గీత నుంచి హింస తప్పనిసరిగా పుడుతుందని తాను అనడం లేదని కూడా తర్వాత వివరణ ఇచ్చుకున్నాడు. ఆయన్ని ఉటంకించేవాళ్లలో చాలామంది ఆ వివరణ దాకా రారు.

ఈ ఆరోపణకు ఉన్న బలాన్ని ముందుగా ఒప్పుకోవాలి. బైబిల్ పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండం పదమూడో అధ్యాయం, సొంత అన్నదమ్ముడో బిడ్డో భార్యో వేరే దేవుళ్లను కొలుద్దామని రహస్యంగా చెప్పినా కనికరించవద్దంటుంది. చంపడానికి నీ చెయ్యే ముందు లేవాలంటుంది. ఇది ఎక్కడో మూలన పడి ఉన్న వాక్యం కాదు, ధర్మశాస్త్రంలో భాగం. చరిత్రలోనూ సాక్ష్యాలకు కొదవ లేదు. 380లో రోమన్ చక్రవర్తి థియోడోసియస్ ఒక రకం క్రైస్తవాన్నే సరైన విశ్వాసంగా ప్రకటించాడు. 391, 392 సంవత్సరాల శాసనాలు పాత దేవతలకు బలులు ఇవ్వడాన్ని నేరం చేశాయి. ఆ రోజుల్లోనే అలెగ్జాండ్రియాలో సెరాపిస్ ఆలయం నేలమట్టమైంది. 782లో వెర్డెన్ దగ్గర ఫ్రాంకుల క్రైస్తవ రాజు షార్లమేన్ ఒక్క రోజులో 4,500 మంది సాక్సన్లను చంపించాడని ఫ్రాంకుల రాజ్య వార్షిక వృత్తాంతమే రాసుకుంది. బాప్తిస్మం వద్దన్న సాక్సన్‌కు మరణశిక్ష అని ఆయన చట్టంలోనే ఉంది. 1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొట్టింది. వీటిని 'మతాన్ని దుర్వినియోగం చేశారు' అన్న ఒక్క ముక్కతో పక్కన పెట్టేయడం నిజాయితీ కాదు. చేసినవాళ్లు దేవుడి పేరు చెప్పే చేశారు, గ్రంథం చూపించే చేశారు.

అయితే ఈ వ్యాసం తేల్చాల్సిన ప్రశ్న ఏకేశ్వరవాదులు అసహనం చూపారా అన్నది కాదు. ఆ అసహనం ఏకేశ్వరవాదం స్వభావంలోనే ఉందా అన్నది. రెండింటికీ కావలసిన రుజువులు వేరు. స్వభావంలోనే ఉందంటే, ఆ నమ్మకం ఉన్న చోటల్లా అసహనం కనిపించాలి, లేని చోట కనీసం బాగా తగ్గాలి.

లేని చోట సంగతే ముందు చూద్దాం. క్రీ.పూ. 167లో సెల్యూసిడ్ రాజు నాలుగో అంటియోకస్ యూదుల సున్తీని, విశ్రాంతి దినాన్ని నిషేధించాడు. అతను బహుదేవతారాధకుడు, బాధితులు ఏకేశ్వరవాదులు. అంతకు ముందే, క్రీ.పూ. 186లో రోమ్ సెనేట్ మద్యదేవుడు బాకస్ ఆరాధన మీద విరుచుకుపడింది. ఇక క్రీ.శ. 250 నాటి రోమన్ చక్రవర్తి డెసియస్ ఆదేశానికి కాగితాల రుజువే ఉంది. సామ్రాజ్యంలో అందరూ దేవతలకు బలి ఇచ్చి, ఇచ్చినట్టు ధ్రువపత్రం తీసుకోవాలన్నది ఆ ఆదేశం. ఈజిప్టు ఇసుకలో ఆ పత్రాలు నలభైకి పైగా దొరికాయి. వాటిలో ఒకటి ఆరేలియస్ డయోజెనీస్ అనే పల్లెటూరి ముసలాయనది. వయసు 72, కుడి కనుబొమ మీద మచ్చ అని గుర్తులు రాశారు. నేను ఎప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుటే ఆదేశం ప్రకారం బలి ఇచ్చాను, పానీయం ధారపోశాను, నైవేద్యం రుచి చూశాను, దయచేసి సంతకం పెట్టండి అని ఆయన అధికారులకు పెట్టుకున్న అర్జీ అది. ప్రతి మనిషి భక్తినీ ఆఫీసులో కాగితం మీద నమోదు చేయించిన ఈ ప్రభుత్వానికి దేవతలు ఒక్కరు కాదు, లెక్కలేనంతమంది.

దీనికి ఒక జవాబు వస్తుంది: రోమ్ చేసింది రాజకీయం, మతం కాదు, విధేయత కోసమే ఆ బలులు అని. కొంత నిజమే. కానీ ఆ కొలబద్ద ఒక పక్షానికే ఎందుకు పెట్టాలి? సాక్సన్లు షార్లమేన్ మీద తిరగబడ్డ ప్రజలు, వాళ్లకు బాప్తిస్మం అంటే లొంగుబాటు ముద్ర. డెసియస్‌ది రాజకీయమైతే షార్లమేన్‌దీ రాజకీయమే. షార్లమేన్‌ది మతమైతే డెసియస్‌దీ మతమే. బహుదేవతారాధకుల హింసకు సందర్భం వెతికి, ఏకేశ్వరవాదుల హింసకు సారం వెతకడం ఈ చర్చలో అందరికీ అలవాటైపోయిన పక్షపాతం.

ఇంత చెప్పినా ఒక తేడా మిగిలే ఉంటుంది, దాన్ని దాటవేయకూడదు. డెసియస్‌కు కావలసింది క్రియ. డయోజెనీస్ మనసులో ఏముందో అధికారులు అడగలేదు, రుచి చూశాడా లేదా అనే అడిగారు. ఆ తర్వాతి క్రైస్తవ రాజ్యానికి మనసు కూడా కావాల్సి వచ్చింది. ఐదో శతాబ్దం తొలి ఏళ్లలో క్రైస్తవ బిషప్ అగస్టిన్, ఉత్తర ఆఫ్రికాలో చీలిపోయిన డోనటిస్టు క్రైస్తవులను ప్రభుత్వ ఒత్తిడితో దారికి తేవడం సబబేనన్నాడు. మొదట్లో ఆయనకు బలవంతం ఇష్టం లేదు. భయపడి వచ్చినవాళ్లు తర్వాత నిజంగానే నమ్ముతున్నారని చూసి మనసు మార్చుకున్నానని తనే రాశాడు. విందుకు జనాన్ని 'బలవంతం చేసి లోపలికి తీసుకురమ్మన్న' సువార్త వాక్యాన్ని దీనికి ఆధారం చేసుకున్నాడు. ఎదుటివాడి మేలు కోరి, వాడి ఆత్మను కాపాడడానికే వాడి మీద చెయ్యి వేయడం! ఈ రకం అసహనం డెసియస్‌కు తోచదు. పాషండులను వేటాడిన తర్వాతి శతాబ్దాల విచారణలన్నిటికీ ఈ తర్కం పనికొచ్చింది.

కానీ ఈ తర్కం దేవుళ్ల సంఖ్యలోంచి వచ్చిందా? నా అభిప్రాయం రాలేదనే. మా మార్గంలోనే మోక్షం, దాన్ని అందరికీ అందించడం మా బాధ్యత, ఆ బాధ్యతకు రాజ్యం కత్తి తోడు అనే మూడూ కలిస్తే వచ్చేది ఇది. యూదు మతం ఖరాకండీగా ఏకేశ్వరవాదం. అయినా రబ్బీల, అంటే యూదు మతగురువుల, సంప్రదాయం లోకమంతా యూదులు కావాలని కోరదు. నోవహు సంతానానికి చెప్పిన ఏడు నియమాలు పాటించే అన్యజనులకు కూడా పరలోకంలో వాటా ఉందంటుంది. అదే మతస్తుల చేతికి రాజ్యం వచ్చినప్పుడు మాత్రం, క్రీ.పూ. రెండో శతాబ్దం చివర్లో, యూదు పాలకుడు జాన్ హిర్కానస్ పొరుగున ఉన్న ఇదూమియులను సున్తీకి ఒప్పుకుంటారా దేశం వదిలిపోతారా అన్నాడు. దేవుడు మారలేదు, కత్తి వచ్చింది. దేవుడే లేడన్న అల్బేనియా 1967లో మతాలన్నిటినీ నిషేధించి చర్చిలు, మసీదులు మూయించింది. 845 ప్రాంతంలో చైనా చక్రవర్తి వూజోంగ్ వేల బౌద్ధ మఠాలను కూల్పించాడు. తొకుగావా జపాన్ క్రీస్తు బొమ్మల మీద కాలు పెట్టించి క్రైస్తవులను ఏరివేసింది. దేవుళ్లు సున్నా అయినా ఒకటైనా వంద అయినా ఫలితం ఇలాగే ఉండగలదంటే, సంఖ్యకు అంత బరువు వేయడం దండగ.

ఇక నమ్మకం ఉన్న చోట సంగతి. ఇస్లాంకు దేవుడి ఏకత్వం కంటే ముఖ్యమైనది లేదు. ఖురాన్‌లో మతం విషయంలో బలవంతం లేదన్న వాక్యం (2:256) ఉంది, గ్రంథప్రజలు, అంటే యూదులు, క్రైస్తవులు, లోబడి జిజియా పన్ను కట్టేదాకా పోరాడమన్న వాక్యమూ (9:29) ఉంది. ఒకే గ్రంథం, ఒకే దేవుడు, పాలనలు మాత్రం పలురకాలు. యూదు తత్వవేత్త మైమోనిడీస్ జీవితం చూస్తే చాలు. పన్నెండో శతాబ్దంలో స్పెయిన్‌ను ఆక్రమించిన అల్మోహద్ ముస్లిం పాలకులు యూదులను మతం మారమని ఒత్తిడి చేయడంతో ఆయన కుటుంబం కార్డోబా వదిలిపెట్టింది. చివరికి ఆయన స్థిరపడింది ఈజిప్టులో, సలాదీన్ ఆస్థాన వైద్యుల్లో ఒకడిగా. తరిమినవాళ్లూ ఆదరించినవాళ్లూ ముస్లిం పాలకులే. 1492లో స్పెయిన్ గెంటేసిన యూదులకు చోటిచ్చింది ఒట్టోమన్ సుల్తాను. బామియాన్ బుద్ధ విగ్రహాలను 2001లో తాలిబాన్లు పేల్చేశారు, నిజం. ఆ విగ్రహాలు దానికి ముందు ముస్లిం జనం మధ్యే దాదాపు వెయ్యేళ్లు నిలబడ్డాయన్నదీ అంతే నిజం. మారని నమ్మకం ఇన్ని మారే ఫలితాలకు ఒక్కటే కారణం కాలేదు.

దీన్ని ఇంకో పక్కకు లాగడమూ తప్పే. జిజియా కట్టించుకుని బతకనివ్వడం ఆ కాలానికి మెరుగే కావచ్చు, సమానత్వం మాత్రం కాదు. 'స్వర్ణయుగం' కథలు చెప్పేవాళ్లు ఈ చిన్న అక్షరాలు చదవరు.

ఏకేశ్వరవాదులు సహనం చూపితే అది బయటి నుంచి, పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ జ్ఞానోదయ యుగం నుంచి, అరువు తెచ్చుకున్నదేనన్న వాదం కూడా ఉంది. కాలక్రమం దానికి ఒప్పుకోదు. 1553లో జెనీవాలో త్రిత్వాన్ని కాదన్న మైకేల్ సెర్వెటస్‌ను తగలబెట్టినప్పుడు అక్కడి మతసంస్కర్త కాల్విన్ మీద విరుచుకుపడ్డ సెబాస్టియన్ కాస్టెలియో భక్తుడైన క్రైస్తవుడు. మనిషిని చంపడం సిద్ధాంతాన్ని కాపాడడం కాదు, మనిషిని చంపడమే అన్నాడు. 1636లో అమెరికాలో ప్రావిడెన్స్ వలస స్థాపించిన రోజర్ విలియమ్స్ భక్తిలో పలచన పడినవాడు కాదు, చాదస్తం అనిపించేంత నిష్ఠాపరుడు. బలవంతపు ఆరాధన దేవుడికే అవమానం అన్నది ఆయన వాదన. మనస్సాక్షి దేవుడికే జవాబుదారీ, కాబట్టి రాజుకు అందులో పనిలేదు అన్న ఈ మాట ఏకేశ్వరవాదం లోపలి నుంచే వచ్చింది. సహనానికి పేరు మోసిన ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ 1689లో నాస్తికులను ఆ సహనం బయటే ఉంచాడు. విలియమ్స్ ఆయన కంటే ముందున్నవాడు, విశాలుడు కూడా. నిర్గుణుడైన ఏకైక దైవాన్ని కొలిచే గురు తేగ్ బహదూర్‌ను 1675లో ఔరంగజేబు పాలనలో ఢిల్లీలో చంపారు. కాశ్మీరీ పండితుల ఆరాధనా స్వేచ్ఛ కోసం ఆయన నిలబడ్డాడని సిక్కు సంప్రదాయం చెబుతుంది. చంపించినవాడిదీ చనిపోయినవాడిదీ ఏకేశ్వర విశ్వాసమే.

ఈ చర్చలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ఉదాహరణ ట్రాన్సిల్వేనియాలోని, ఇప్పటి రొమేనియాలోని, టోర్డా. 1568లో అక్కడి సభ, విశ్వాసం దేవుడిచ్చే వరం కాబట్టి బోధకులను వాళ్ల బోధ కోసం ఎవరూ హింసించకూడదని తీర్మానించింది. దాని పరిధి క్రైస్తవ శాఖలే, యూదులకూ ముస్లింలకూ ఆ హామీ లేదు. అయినా ఆ కాలపు యూరప్‌లో అదే పెద్ద అడుగు. దాని వెనక ఉన్నవాడు ఫెరెంక్ డేవిడ్, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న త్రిత్వాన్ని తోసిపుచ్చిన యూనిటేరియన్. అంటే చుట్టూ ఉన్న క్రైస్తవులకంటే కఠినమైన ఏకేశ్వరవాది. అండగా ఉన్న రాజు జాన్ సిగిస్మండ్ 1571లో చనిపోయాడు. తర్వాతి పాలకుడు మతంలో కొత్త మార్పులు తేకూడదని చట్టం చేశాడు. యేసుకు ప్రార్థన చేయనక్కరలేదు, తండ్రి అయిన దేవుడికే చేయాలి అన్నందుకు డేవిడ్‌ను ఆ చట్టం కిందే దోషిగా తేల్చారు. 1579లో దేవా కోట జైల్లో ఆయన చనిపోయాడు. తీర్మానానికీ జైలుకూ మధ్య పదకొండేళ్లే. ఆ పదకొండేళ్లలో మారింది సింహాసనం మీది మనిషీ, ఆయన చేసిన చట్టమూ. దేవుడు ఒక్కడేనన్న విషయంలో మాత్రం డేవిడ్‌కూ ఆయన్ని శిక్షించినవాళ్లకూ పేచీ లేదు.