మాధవి, జోసెఫ్‌ల పెళ్లి పిలుపు

బంధువులకు, స్నేహితులకు, మమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన పెద్దలందరికీ నమస్కారం.

మా పెళ్లికి తేదీ ఖాయమైంది. 2026 నవంబర్ 20, శుక్రవారం ఉదయం 11 గంటలకు రాజమహేంద్రవరం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో మేమిద్దరం ఒకటవుతున్నాం. మధ్యాహ్నం 12.30 నుంచి కడియపులంకలో మా మేనమామ గారి నర్సరీ తోటలో భోజనాలు. మీరు ఇంటిల్లిపాదీ రావాలని మనసారా కోరుకుంటున్నాం.

పెళ్లి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం జరుగుతుంది. అక్టోబర్ 12న ఇద్దరం కలిసి వెళ్లి నోటీసు ఇచ్చాం. ఆ కాగితం ముప్పై రోజుల పాటు కార్యాలయం గోడ మీద, వచ్చేపోయేవారందరికీ కనిపించేలా ఉంది. జోసెఫ్ వాళ్ల నాన్నగారు ఒకరోజు పనిగట్టుకుని వెళ్లి, అందులో కొడుకు పేరు పక్కన కోడలి పేరు చదువుకుని వచ్చారట. శుభలేఖ అచ్చువేయించలేదన్న వెలితి ఆయనకు ఆరోజే తీరిపోయిందని అత్తయ్యగారు చెప్పారు. గడువు ముగిసింది, అభ్యంతరాలేవీ రాలేదు. అందుకే ఇప్పుడు నిశ్చింతగా మిమ్మల్ని పిలుస్తున్నాం.

కార్యాలయంలో తంతు చాలా చిన్నది. అధికారి గారి ఎదుట, ముగ్గురు సాక్షుల సమక్షంలో, మనకు తెలిసిన భాషలోనే ఒక్క మాట చెప్పాలి. మేము తెలుగులోనే చెబుతాం: "మాధవి అనే నేను, జోసెఫ్ అనే నిన్ను, నా చట్టబద్ధమైన భర్తగా స్వీకరిస్తున్నాను." తరువాత ఆయన వంతు. ఆ మాట ఇద్దరం పలికితేనే చట్టం దృష్టిలో పెళ్లి పూర్తయినట్టు. ఆ పైన ధ్రువపత్రం మీద మా సంతకాలు, సాక్షుల సంతకాలు. వంటింట్లో పని చేసుకుంటూ ఆ వాక్యం ఎన్నిసార్లు అనుకున్నానో! అన్నప్రతిసారీ సంతోషంగానే ఉంది.

సాక్షులుగా మా అక్క, జోసెఫ్ వాళ్ల తమ్ముడు, మా ఇద్దరికీ పరిచయం కలిగించిన స్నేహితురాలు సంతకం చేస్తారు. ఆ గది చిన్నది, మరుసటి పనుల కోసం వచ్చినవారు బయట వేచి ఉంటారు. అందువల్ల లోపలికి ఇరువైపుల తల్లిదండ్రులు, నాయనమ్మ, సాక్షులు మాత్రమే వస్తున్నారు. మిగతావారిని అక్కడికి పిలవలేకపోతున్నందుకు వేరుగా భావించకండి. పూలదండలు మార్చుకోవడం, పెద్దల ఆశీర్వాదాలు, ఫొటోలు అన్నీ తోటలో మీ అందరి ముందే. మా నాయనమ్మ అక్షింతలు కలిపి తెస్తుంది. జోసెఫ్ వాళ్ల నాన్నగారు చిన్న ప్రార్థన చేస్తారు. ఈ రెండింటిలో ఏది ముందన్న మాట వచ్చినప్పుడు, "మీరు పెద్దవారు, మీరు కానివ్వండి" అని ఆయన అంటే, "బాబూ, దేవుడి మాట ముందు మీరే చెప్పండి" అని నాయనమ్మ అంది. చివరికి ప్రార్థన తరువాత అక్షింతలు అని తేల్చారు.

పెళ్లి ఇంత చిన్నగా ఎందుకు చేసుకుంటున్నారని కొందరు ఆప్తులు బెంగగా అడిగారు. ఇంట్లో ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. రెండు కుటుంబాలూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్న పెళ్లి ఇది. కట్నం లేదు, అప్పు లేదు. పెద్ద మండపంలో వరుసలో నిలబడి ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టి పంపడం కంటే, మీ పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ భోంచేయాలన్నది మా ఇద్దరి కోరిక. "1881 డిసెంబర్ 11న వీరేశలింగం గారు వితంతు వివాహం జరిపించిన ఊరమ్మా ఇది. ఇక్కడ పెళ్లికి కావలసింది మనసు, ధైర్యం" అని నాన్న అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి, ఆ మాట అంటున్నప్పుడు గొంతు కాస్త వణికింది.

ఇక భోజనం సంగతి. అది కార్తీకమాసం కదా, పూర్తిగా శాకాహారమే. ఈ మాట ముందుగా అన్నది జోసెఫ్ వాళ్ల అమ్మగారు. మా వాళ్లు నోరు తెరవకముందే, "మీ ఇంట్లో ఈ నెలంతా నియమం ఉంటుంది కదా, వంట అలాగే చేయిద్దాం" అన్నారు. పులిహోర, ముద్దపప్పు, గుత్తివంకాయ, ఆవపెట్టిన కంద బచ్చలి కూర, గోంగూర పచ్చడి, ముక్కల పులుసు, గడ్డపెరుగు. తీపికి బూరెలు. వేడి బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోయించుకోవడం గోదావరి జిల్లాల వారికి చెప్పనక్కర్లేదు, బయటి ఊళ్ల వారికి మా అత్తయ్య దగ్గరుండి నేర్పుతుంది. తోటలో పెద్ద ఉసిరి చెట్టు ఉంది. దాని కింద చాపలు పరిచి అరిటాకుల్లో వడ్డన. కింద కూర్చోలేని పెద్దలకు బల్లలు, కుర్చీలు వేయిస్తున్నాం. ఉపవాసం ఉన్నవారికి పాలు, పళ్లు ఉంటాయి. వాన వచ్చినా ఇబ్బంది లేదు, మొక్కల షెడ్డు సగం ఖాళీ చేయించారు మామయ్య.

హైదరాబాద్ నుంచి వచ్చేవారికి రాత్రి రైలు ఎక్కితే ఉదయానికి రాజమహేంద్రవరం చేరవచ్చు. స్టేషన్‌కు మా తమ్ముడు వస్తాడు, స్నానాలకు, టిఫినుకు మా ఇల్లు ఉంది. నేరుగా తోటకు వచ్చేవారు రావులపాలెం వైపు వెళ్లే బస్సు ఎక్కి కడియపులంకలో దిగండి. జాతీయ రహదారి పక్కనే బంతిపూల తోరణం కట్టిన గేటు కనిపిస్తుంది. డల్లాస్‌లో ఉన్న పిన్నీ బాబాయిలకు ఆ సమయం గురువారం రాత్రి 11.30 అవుతుంది. కాసేపు మేలుకుని ఉంటే కార్యాలయం నుంచి బయటకు రాగానే వీడియో కాల్ చేస్తాం. మొదటి నమస్కారం మీకే.

కానుకలు, చదివింపులు దయచేసి వద్దు. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు, నిజంగానే వద్దు. పిల్లలను మాత్రం తప్పకుండా తీసుకురండి, తోటలో పరుగెత్తడానికి కావలసినంత చోటు ఉంది. మీరు వెళ్లేటప్పుడు మామయ్య పెంచిన మొక్క ఒకటి చేతికిస్తాం. నందివర్ధనం, మందారం, కరివేపాకు, వీటిలో మీకు నచ్చింది తీసుకోండి. అపార్ట్‌మెంట్లలో ఉండేవారి కోసం చిన్న కుండీలు విడిగా పెట్టించాం.

విస్తళ్లు ఎన్ని వేయాలో వంటవారికి చెప్పాలి కనుక, ఎంతమంది వస్తున్నారో ఆదివారం సాయంత్రంలోగా ఈ సందేశానికే జవాబు రాయండి. ఆ తరువాత వీలు కుదిరినా మొహమాటపడకుండా వచ్చేయండి, ఇంకో ఆకు వేస్తాం.

మీ రాక కోసం ఎదురుచూస్తూ,
మాధవి, జోసెఫ్

మా ఇద్దరితో పాటు మిమ్మల్ని ఆహ్వానిస్తున్నవారు:
మాధవి అమ్మానాన్నలు లక్ష్మి, సత్యనారాయణ
జోసెఫ్ అమ్మానాన్నలు మేరీ సుగుణ, దేవదాసు
నాయనమ్మ సుబ్బాయమ్మ