23 ఆదివారం రాత్రి డిన్నర్: రావులపాలెం ఖాయం చేద్దాం

అందరికీ నమస్తే, పద్మని. కాస్త పెద్ద మెసేజ్, ఒక్కసారి చివరిదాకా చదవండి.

రత్న మస్కట్ నుంచి వచ్చింది, 12 రోజులే ఉంటుంది. 21న పోలి స్వర్గం. కార్తీకం వెళ్ళిపోతుంది కాబట్టి 23 ఆదివారం నీచు తినేవాళ్ళకీ అడ్డుండదు. దానికి ముందు కుదరదు, ఆ తర్వాత రత్న ఉండదు. అందుకని తేదీ మార్చే మాట వద్దు.

పోయినసారి భీమవరమా, కాకినాడా అని వారం రోజులు మాట్లాడుకున్నాం. తీరా చూస్తే తొమ్మిది మందే వచ్చారు. నాకు చాలా బాధేసింది. ఈసారి నేనే తిరిగి చూసి ఒక చోటు ఎంచాను.

రావులపాలెంలో అమలాపురం రోడ్డు మీద, కాలవ గట్టు పక్కనున్న ఫ్యామిలీ రెస్టారెంట్. లొకేషన్ కింద పెట్టాను. ఎవరికీ మరీ దూరం కాదనే రావులపాలెం అనుకున్నా. రాజమండ్రి వాళ్ళు జొన్నాడ వంతెన దాటితే వచ్చేసినట్టే. పాలకొల్లు వాళ్ళు మార్టేరు, పెనుగొండ మీదుగా వచ్చి సిద్ధాంతం వంతెన ఎక్కాలి. తణుకు వాళ్ళు నేరుగా హైవే మీద వచ్చేయొచ్చు, అమలాపురం వాళ్ళకి కొత్తపేట దారి ఎలాగూ ఉంది. దిండి కూడా ఆలోచించాను. గోదావరి ఒడ్డు, కొబ్బరి తోటలు, పగలైతే అక్కడికే వెళ్దాం అనేదాన్ని. రాత్రి భోజనానికి రాజమండ్రి వాళ్ళని పిల్లలతో అంతదూరం తిప్పడం నాకు ఇష్టం లేదు.

శుక్రవారం మా ఆయనతో వెళ్ళి భోంచేసి చూశాను. ఏసీ హాలు 30 మందికి సరిపోతుంది, కింది అంతస్తులోనే ఉంది. శీను మోకాలు ఆపరేషన్ తర్వాత మెట్లెక్కకూడదు కదా, ముందు అదే అడిగాను. హాలుకి వేరే అద్దె లేదు. శాకాహారం వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో వండుతారు. వంటింట్లోకి వెళ్ళి చూసి వచ్చాను, మన ఆరుగురూ ధైర్యంగా తినొచ్చు.

మెనూ ముందే చెప్పేస్తే మంచిది. ఇంతమందిమి అక్కడ కూర్చుని ఎవరికి కావాల్సింది వాళ్ళు చెబితే పదింటిదాకా విస్తరి ముందుకి రాదు. కొరమీను పులుసు, రొయ్యల ఇగురు, నాటుకోడి వేపుడు. శాకాహారులకి గుత్తొంకాయ, కందబచ్చలి, పప్పుచారు. అందరికీ పెరుగు, చివర్లో పూతరేకు. పులస అడగకండి, వరదల కాలం దాటిపోయింది. పెద్దవాళ్ళకి 450, పదేళ్ళ లోపు పిల్లలకి 225. 21 మంది పెద్దలు, ఐదుగురు పిల్లలు అనుకుంటే మొత్తం 10,575. అడ్వాన్స్ 3,000 నేను కట్టేశాను. గురువారం సాయంత్రం లోపు వద్దంటే తిరిగి ఇస్తారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇదొక్కటే. బుధవారం రాత్రి 9 లోపు మీ పేరు, ఎంతమంది వస్తారో, అందులో శాకాహారులు ఎందరో రాయండి. ఈ చోటుకి మీరు నిజంగా రాలేని కారణం ఉంటే నాకు ఫోన్ చేయండి, ఒక్కరికి కుదరకపోయినా దారి చూద్దాం. ఇంకో హోటల్ పేరు మాత్రం గ్రూపులో పెట్టొద్దు. ఏమీ రాయనివాళ్ళకి గురువారం పొద్దున నేనే ఫోన్ చేస్తాను.

*బుధవారం*

శీను: ముగ్గురం. మెట్ల సంగతి గుర్తుపెట్టుకున్నావు, థ్యాంక్స్ పద్మా.

లక్ష్మి: ఇద్దరం, శాకాహారమే. ఏడింటికి మొదలుపెడదామే, మర్నాడు పిల్లలకి స్కూలు.

వెంకట్: నలుగురం. కాకినాడలో ఒక కొత్త చోటుంది, అక్కడైతే...

పద్మ: వెంకట్, అది సంక్రాంతికి నువ్వే పట్టు, మేమంతా వస్తాం. ఇది ఇక్కడే రా.

వెంకట్: సరే, రావులపాలెమే.

*గురువారం*

ఖాయమైపోయింది. మొత్తం 24 మందిమి: 19 మంది పెద్దలు, ఐదుగురు పిల్లలు. శాకాహారులు ఆరుగురు. హోటల్‌కి లెక్క చెప్పేశాను. మొత్తం 9,675. ఎవరి వాటా వాళ్ళు శనివారం లోపు నాకు ఫోన్‌పే చేయండి. అక్కడ చిల్లర లెక్కలు వద్దు, రత్న దగ్గర మాత్రం ఎవరూ తీసుకోకండి, దాని వాటా నాది.

లక్ష్మి అన్నట్టు 7 గంటలకి కూర్చుందాం, వడ్డన 7:30కి. బండి నడిపేవాళ్ళు మందు జోలికి వెళ్ళొద్దు, కాలవ గట్టు రోడ్డు చీకటిగా ఉంటుంది. సెంటర్ నుంచి వచ్చేటప్పుడు పెట్రోల్ బంకు దాటాక వేగం తగ్గించండి, హోటల్ బోర్డు చెట్టు చాటున ఉంది. 6:45 నుంచి మా ఆయన రోడ్డు మీదే నిలబడి ఉంటారు.