రాఫ్ట్ కాంక్రీట్ పని విధానం: ఉష్ణోగ్రత అదుపు, పోత క్రమం

రాఫ్ట్ కొలతలు 36 మీ. × 24 మీ., మందం 2 మీ. మొత్తం 1,728 ఘనపు మీటర్లు. మధ్యలో జాయింట్ లేకుండా ఒకే విడతలో పోయాలి. గంటకు 80 ఘనపు మీటర్ల వేగంతో సుమారు 22 గంటల పని. రెండు పంపులు నడుస్తాయి, మూడోది సిద్ధంగా నిలబడి ఉండాలి. స్టాండ్‌బై పంపు సైట్‌కు చేరేదాకా పోత మొదలుపెట్టకూడదు.

పోత పొట్టి వైపు అంచు నుంచి మొదలై మెట్లుగా ముందుకు సాగుతుంది. ఒక్కో పొర 400 మి.మీ., ఒక్కో మెట్టు 3 మీ. ఐదు పొరల ఒక చుట్టుకు 144 ఘనపు మీటర్లు, అంటే రెండు గంటలలోపే. కోల్డ్ జాయింట్ రాకుండా కాపాడేది ఈ లెక్కే. వైబ్రేటర్ నీడిల్ కింది పొరలోకి 100 మి.మీ. దిగాలి.

సిమెంట్‌లో సగం స్లాగ్. నీటిలో కొంత భాగం ఐస్‌గా వేయాలి. పోసేటప్పుడు కాంక్రీట్ 27 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ ట్రక్కును వెనక్కి పంపాలి. ట్రక్కులో నీళ్లు కలపడం ఎవరు చెప్పినా కుదరదు.

మధ్యభాగం 70 డిగ్రీలు మించకూడదు. మధ్యకూ ఉపరితలానికీ తేడా 20 లోపే ఉండాలి. థర్మోకపుల్స్ మధ్యలో, పైనుంచి 50 మి.మీ. లోతులో, అడుగున, మూలల్లో పెట్టాలి. మొదటి 72 గంటలు ప్రతి గంటకూ, తర్వాత నాలుగు గంటలకోసారి రీడింగ్ రాయాలి.

ఫినిషింగ్ అయ్యాక పాలిథీన్, దానిపై 50 మి.మీ. థర్మాకోల్, ఆపైన టార్పాలిన్ కప్పాలి. తేడా 18కి చేరితే ఇంకో పొర కప్పాలి. వేడి తగ్గిద్దామని చల్లటి నీళ్లు చల్లితే పైభాగం ఒక్కసారిగా ముడుచుకుని పగుళ్లిస్తుంది. రాత్రి షిఫ్ట్ వాళ్లకు ఈ మాట విడిగా చెప్పాలి. మధ్యభాగానికీ బయటి గాలికీ తేడా 20 లోపుకు వచ్చాకే కప్పు తీయాలి, అదీ ఒక్కో పొర చొప్పున.