ఏసీలో అబ్బాయి (రెండో ప్రతి, కోతలయ్యాక)

అందరికీ,

ఆదివారం బ్రాడీపేటలో మా మేడ మీద స్కిట్ చదివినప్పుడు తొమ్మిది నిమిషాల పది సెకన్లు వచ్చింది. విజయవాడ అపార్ట్‌మెంటు వాళ్ళు ఉగాదికి మనకిచ్చింది ఐదు నిమిషాలు. అంతకన్నా పరువు తక్కువ సంగతేంటంటే, మొదటి నవ్వు రెండో నిమిషం దాటాక వచ్చింది. అదీ నేను రాసిన మాటకి కాదు, పేరయ్య వేసే బావ కూర్చున్న కుర్చీ విరిగినందుకు.

రాత్రి కూర్చుని కోసేశాను. "రండి రండి", "దారిలో ట్రాఫిక్కా", "కాఫీలో పంచదార ఎంత", అన్నీ పోయినయ్. పెళ్ళిచూపులకి కాఫీ లేకుండా ఎట్లా అని అడక్కండి. కప్పు చేతిలో ఉంటే చాలు, దాని గురించి మాట్లాడక్కర్లేదు. పేరయ్య వచ్చేటప్పుడు చెప్పే పద్యం కూడా తీసేశాను. బావా, అది నువ్వు బాగా చెప్తావ్, నాకు తెలుసు. కానీ అది నీ పద్యం, ఈ స్కిట్‌ది కాదు.

అసలు జబ్బు ఎక్కడుందో ఒక్క ముక్క చూడండి. పాత ప్రతిలో ఇట్లా ఉంది:

అమ్మాయి నాన్న: అబ్బాయి ఏం చదివాడండీ?
అబ్బాయి నాన్న: ఇంజినీరింగండి.
అమ్మాయి నాన్న: ఎక్కడ?
అబ్బాయి నాన్న: ఇక్కడే, ఊరి బయట కాలేజీలో.
అమ్మాయి నాన్న: మార్కులు?
అబ్బాయి నాన్న: బాగానే వచ్చినయ్.
అమ్మాయి నాన్న: మరిప్పుడు?
అబ్బాయి నాన్న: ఇప్పుడు ఏసీలో ఉన్నాడండి.
అమ్మాయి నాన్న: అబ్బో! సాఫ్ట్‌వేరా?
అబ్బాయి నాన్న: కాదండీ. మిర్చికి రేటు లేనప్పుడు కోల్డ్ స్టోరేజ్‌లో పెడతాం కదా, దాన్ని మనం ఏసీ అంటాం కదా, అట్లా మావాణ్ణి కూడా...

కాలేజీ, మార్కులు మళ్ళీ ఎక్కడన్నా పనికొస్తయ్యా? రావు. ఇక ఆఖరి మాటలో జోకుని మనమే విప్పి ఆరబెట్టాం. విజయవాడ వాళ్ళకి ఏసీ అంటే తెలీదేమోనని భయపడి రాసిన మాట అది. ఆ భయం నిజమే, కానీ మందు అది కాదు. కోల్డ్ స్టోరేజ్ అన్న మాటని తర్వాతి ప్రశ్నలో పెట్టాను. తెలిసినవాడు ముందే నవ్వుతాడు, తెలియనివాడు అక్కడ అందుకుంటాడు.

తేజ, బాడిగ మిరపకాయల జోకు తీసేసినందుకు నాకే ప్రాణం ఉసూరుమంది. తేజ సన్నగా ఉండి మంట పుట్టిస్తుంది, బాడిగకి రంగే గానీ కారం ఉండదు. ఈ రెండూ తెలిస్తేనే "మావాడు బాడిగండీ" అన్నది పేలుతుంది. గుంటూరులో వేసేటప్పుడు మళ్ళీ పెట్టుకుందాం.

ఇంకో మార్పు. అబ్బాయికి పాత ప్రతిలో పదకొండు మాటలున్నాయి. ఇప్పుడు ఒక్కటే, చివర్లో. అలిగేముందు చివరిదాకా చదువు తమ్ముడూ.

ఇదీ కొత్తది.

(దీపాలు వెలిగేసరికే అందరూ కూర్చుని, చేతుల్లో కప్పులతో ఉంటారు. అబ్బాయి నాన్న మిర్చి రైతు. అమ్మాయి నాన్న మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. మధ్యలో పేరయ్య. అబ్బాయి తల వంచుకుని ఉంటాడు.)

అమ్మాయి నాన్న: అబ్బాయి ఎక్కడుంటాడండీ?
అబ్బాయి నాన్న: ఏసీలో.
అమ్మాయి నాన్న: సాఫ్ట్‌వేరా?
అబ్బాయి నాన్న: రేటు లేక.

(ఆగాలి. నవ్వు రాకపోయినా ఆగాలి.)

అమ్మాయి నాన్న: కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టి ఎన్నేళ్ళయింది?
అబ్బాయి నాన్న: ఆరు.

(అమ్మాయి నాన్న లేచి వెళ్ళి, అబ్బాయి తల వంచి, తెల్లవెంట్రుకలు వేళ్ళతో విడదీసి చూస్తాడు.)

అమ్మాయి నాన్న: తాలు ఎక్కువుందే!
పేరయ్య: పైపైనేనండీ. లోపల సరుకు బంగారం.
అమ్మాయి నాన్న: ముప్పై ఏళ్ళ నుంచీ యార్డులో ఉన్నా. మంచికాయ లోపల పెట్టి, తాలు పైన పోసిన రైతుని ఇంతవరకూ చూళ్ళా.

(ఇక్కడ పేరయ్యకి ఇంకో రెండు సమర్థింపులు ఉండేవి. కొట్టేశాను. ఈ మాట తర్వాత ఎవరు నోరు తెరిచినా నవ్వుని తొక్కినట్టే. నేరుగా చెయ్యి పట్టుకోవడమే.)

అమ్మాయి నాన్న: (అబ్బాయి అరచెయ్యి పిసికి) తేమ.
పేరయ్య: చెమటండీ అది!
అమ్మాయి నాన్న: అందరూ అదే చెప్తారు. తేమకి ఒక రెండు కిలోలు కొట్టేద్దాం.
అబ్బాయి నాన్న: ఐదు కొట్టేయండి. తొంభై రెండున్నాడు, తెలీదు కూడా.

(అబ్బాయి తల వంచుకునే, ఓరగా తన నాన్న వంక చూస్తాడు. నాన్న చూడడు.)

అమ్మాయి నాన్న: ఇన్నాళ్ళూ బేరాలే రాలేదా?
అబ్బాయి నాన్న: ఎందుకు రాలేదూ! మొదటేడు డాక్టరమ్మాయి వచ్చింది. ఇంకా పెరుగుద్దని ఆగాం.
అమ్మాయి నాన్న: రెండో ఏడు?
అబ్బాయి నాన్న: టీచరమ్మాయి. ఇంకా పెరుగుద్దని ఆగాం.
అమ్మాయి నాన్న: మరి ఈ ఏడు?
అబ్బాయి నాన్న: (కప్పు కింద పెట్టి, చేతులు జోడించి) ఏసీ అద్దె వస్తే చాలండి.

(పాత ప్రతిలో ఆరేళ్ళకీ ఆరుగురు అమ్మాయిలు ఉన్నారు. బ్యాంకు, పోస్టాఫీసు, నర్సు, పంచాయతీ ఆఫీసు. రెండు సార్లు ఒకే మాట వింటే జనానికి వరస తెలిసిపోద్ది, మూడోది విరగ్గొట్టాలి. నలుగురూ అందుకే పోయారు. "చేతులు జోడించి" అన్నది మాత్రం ఏడుపుగా చెయ్యొద్దు. ముందు వరసలో ఒక్క మిర్చి రైతున్నా అతనికి ఇది జోకు కాదు. మామూలుగా, రసీదు అడిగినట్టు అడుగు.)

(అమ్మాయి వస్తుంది. కప్పు, పళ్ళెం ఏమీ లేవు. భుజాన హ్యాండ్‌బ్యాగు, ఆఫీసు నుంచి వచ్చినట్టు.)

అమ్మాయి: కాటా అయిందా నాన్నా?
అమ్మాయి నాన్న: తేమ దగ్గరున్నాం తల్లీ.
అమ్మాయి: ఆయన్ని ఎవరన్నా అడిగారా, ఇష్టమేనా అని?

(పెద్దలు ముగ్గురూ మొహాలు చూసుకుంటారు.)

అబ్బాయి నాన్న: మిరపకాయని అడుగుతామా అమ్మా?

(నవ్వు తగ్గేదాకా అమ్మాయి కదలదు. తర్వాత కుర్చీ లాక్కుని అబ్బాయికి ఎదురుగా కూర్చుంటుంది.)

అమ్మాయి: మీరు చెప్పండి. మీకేం కావాలి?

(అబ్బాయి మొదటిసారి తల ఎత్తుతాడు. అమ్మాయిని చూస్తాడు. గొంతు సవరించుకుంటాడు. మూడు అంకెలు లెక్కపెట్టాలి, తక్కువ కాకూడదు. అప్పుడు నాన్న వైపు తిరిగి...)

అబ్బాయి: ఏసీకెళ్ళిపోదాం నాన్నా.

(దీపాలు ఆరతాయి. ఈ మాట తర్వాత పేరయ్య "మరి నా కమీషన్?" అనడం నిన్నటిదాకా ఉంది. బావా, అది కూడా పోయింది. చీకట్లో కూడా అనొద్దు.)

నా గదిలో ఒక్కణ్ణే గట్టిగా చదివితే మూడు నిమిషాల యాభై వచ్చింది. మిగతాది నవ్వులకి వదిలాను. గురువారం రాత్రి ఎనిమిదికి మళ్ళీ మా మేడ మీదే. కుర్చీలు ఈసారి ఇనపవి తెప్పిస్తున్నా.