తెనాలి రెవెన్యూ డివిజన్ మెయింటెనెన్స్ ట్రిబ్యునల్ వారికి పోషణ కోరుతూ అర్జీ

(తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007, సెక్షన్ 4, 5 ప్రకారం)

అర్జీదారు: కె. సీతారావమ్మ, భర్త కీ.శే. రామయ్య, వయసు 72, కొల్లిపర గ్రామం, గుంటూరు జిల్లా.

ప్రతివాదులు:
1. కె. వెంకటేశ్వరరావు, పెద్ద కుమారుడు, వయసు 49, ప్రైవేటు కంపెనీ ఉద్యోగి, హైదరాబాదు.
2. కె. శ్రీనివాసరావు, చిన్న కుమారుడు, వయసు 45, వ్యవసాయం, కొల్లిపర.

గౌరవనీయులైన ట్రిబ్యునల్ అధ్యక్షుల వారికి,

నాకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. నా భర్త 2019 ఆగస్టులో చనిపోయారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో నా పేరున ఉన్న ఎకరం నలభై సెంట్ల పొలాన్ని కొడుకులిద్దరికీ చెరి డెబ్బై సెంట్ల చొప్పున, ఇంటిని చిన్నవాడికి దాన సెటిల్‌మెంట్ దస్తావేజుల ద్వారా రాసి ఇచ్చాను. నేను బతికినంతకాలం తిండి, బట్ట, వైద్యం చూడాలన్న షరతు రెండు దస్తావేజుల్లోనూ ఉంది. ఆరు నెలలకొకరి దగ్గర ఉండేలా వంతులు అనుకున్నాం. మొదటి మూడేళ్లూ ఇద్దరూ బాగానే చూశారు. అది చెప్పకపోతే తప్పవుతుంది.

2023 చివరి నుంచి పెద్దవాడి వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక ఇబ్బంది చెబుతూ వచ్చాడు. తన వంతు అయిపోయిందని చిన్నవాడు అనేవాడు. 2024 జూన్‌లో చిన్నవాడు నన్ను హైదరాబాదు బస్సు ఎక్కించాడు. దారిలో పెద్దవాడు ఫోన్ చేసి, ఈ నెల రావద్దన్నాడు. విజయవాడ బస్టాండులో దిగిపోయాను. ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో ఇన్సులిన్ పెట్టిన చిన్న ఐస్ డబ్బా. అందులో ఐసు కరిగి నీళ్లయిపోయింది. సాయంత్రం నా కూతురు వచ్చి తీసుకెళ్లేదాకా అక్కడే కూర్చున్నాను. కొట్టారనీ తిట్టారనీ నేను చెప్పడం లేదు. జరగనిది రాయించను.

కూతురి ఇంట్లో ఆరు నెలలు ఉన్నాను. అది వాళ్ల అత్తగారిల్లు, ఎల్లకాలం ఉండడం మర్యాద కాదు. 2024 డిసెంబరు నుంచి ఊళ్లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. ఈ ఏడు ఫిబ్రవరిలో పెద్దమనుషుల సమక్షంలో కొడుకులిద్దరూ నెలకు మూడేసి వేలు ఇస్తామని ఒప్పుకున్నారు. మార్చి, ఏప్రిల్ నెలలవి నా బ్యాంకు ఖాతాలో పడ్డాయి. ఆ తర్వాత రాలేదు. పాస్‌బుక్ నకలు జతపరిచాను.

నాకు నెలకు అద్దె 2,500, సరుకులు, గ్యాసు 4,200, షుగర్, బీపీ మందులు, పరీక్షలు 2,600, కరెంటు, ఇతర ఖర్చులు 700, మొత్తం 10,000 రూపాయలు అవుతున్నాయి. ప్రభుత్వం ఇచ్చే పింఛను 4,000 వస్తోంది. వేరే ఆదాయం లేదు. తక్కువ పడిన డబ్బును ఇన్నాళ్లూ నా కూతురు సర్దుతోంది. చట్ట ప్రకారం ఆమెకూ బాధ్యత ఉందని తెలుసు. ఆమె చేయవలసింది చేస్తూనే ఉంది కాబట్టి ప్రతివాదిగా చేర్చలేదు.

పెద్దవాడికి నెల జీతం వస్తుంది. చిన్నవాడు తన వాటాతో పాటు అన్న వాటా కూడా కౌలుకు చేస్తూ పసుపు, అరటి పండిస్తున్నాడు. అతనికి ట్రాక్టర్ అప్పుంది, అది నాకు తెలుసు. అందుకే ఇద్దరి నుంచీ సమానంగా అడగడం లేదు.

కాబట్టి నా మనవి:

పెద్ద కుమారుడు నెలకు 3,500, చిన్న కుమారుడు 2,500 రూపాయలు ప్రతి నెలా 5వ తేదీలోగా నా బ్యాంకు ఖాతాలో జమ చేసేలా, అర్జీ పెట్టిన తేదీ నుంచి వర్తించేలా ఆదేశించగలరు. విచారణ పూర్తయ్యేలోపు మందులకైనా ఇబ్బంది లేకుండా సెక్షన్ 5(2) కింద తాత్కాలిక భత్యం ఇప్పించగలరు. నా భర్త ఫోటో, నా ట్రంకుపెట్టె చిన్నవాడి ఇంట్లో ఉన్నాయి. వాటిని తెచ్చుకునేలా చెప్పగలరు.

పొలం, ఇల్లు వెనక్కి ఇప్పించమని ఇప్పుడు అడగడం లేదు. ఆదేశం పాటించకపోతే సెక్షన్ 23 కింద అడిగే హక్కును మాత్రం వదులుకోవడం లేదు. ముందుగా రాజీ అధికారి దగ్గర కూర్చోబెట్టి మాట్లాడిస్తామంటే సంతోషంగా వస్తాను. నా బిడ్డలకు శిక్ష పడాలని నా కోరిక కాదు. మోకాళ్ల నొప్పి వల్ల వాయిదాలకు నా కూతురు తోడు వస్తుంది, ఆమెను నా పక్కన ఉండనివ్వగలరు.

ఆధార్, పింఛను కార్డు, రెండు దస్తావేజులు, పెద్దమనుషుల ఒప్పంద కాగితం, పాస్‌బుక్, మందుల చీటీలు, అద్దె రసీదుల నకళ్లు జతపరిచాను.

పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజం. నేను చెప్పగా నా మనవరాలు రాసింది, చదివి వినిపించాక సంతకం చేశాను.

కొల్లిపర
22-09-2025

(సంతకం) కె. సీతారావమ్మ